ఉంగరంలో వజ్రం రంగు: డి కీ జె కీ మధ్య మీ కంటికి తెలిసేదెంత?

"డి కలరే కావాలి మావయ్యా. దానికి ఒక్క మెట్టు తగ్గినా వద్దు." నిశ్చితార్థానికి ఉంగరం కొనాలని మా అక్క కొడుకు ఫోన్ చేసి అన్న మొదటి మాట ఇది. సరే, డి ఎలా ఉంటుందో ఎప్పుడైనా చూశావా అని అడిగాను. చూడలేదట. ఫోన్‌లో చదివాడట.

వాడి తప్పేం లేదు. కౌంటర్ వెనక కూర్చున్న పద్దెనిమిదేళ్లలో నేను చూసినవాళ్లలో చాలామంది అక్షరాన్నే కొన్నారు, రాయిని కాదు. పొడి రాయిగా, అంటే ఏ బంగారంలోనూ పొదగకుండా చూసినప్పుడు కనిపించే రంగు వేరు. అదే రాయి ఉంగరంలో కూర్చుని వేలి మీదికి వచ్చాక కనిపించే రంగు వేరు. ఆ రెండింటి మధ్య ఉన్న ఖాళీలోనే మీ డబ్బు మిగలడమో పోవడమో జరుగుతుంది. ఆ ఖాళీ ఎంతో మీ కంటితో మీరే కొలుచుకునే పద్ధతి చెబుతాను. ఒక ఉదయం పూట, దుకాణంలో అరగంట కూర్చునే ఓపిక ఉంటే చాలు.

ముందుగా అక్షరాల సంగతి

వజ్రం రంగుకి ఇప్పుడు అందరూ వాడే కొలబద్ద అమెరికాలోని జీఐఏ సంస్థ 1950ల మొదట్లో తయారుచేసింది. అది డి తో మొదలై జెడ్ తో ముగుస్తుంది. ఏ, బి, సి ఏమయ్యాయని ప్రతివాళ్లూ అడుగుతారు. అప్పటికే వ్యాపారులు ఎవరికి తోచినట్టు వాళ్లు ఏ, డబుల్ ఏ అని వాడేసి ఆ అక్షరాలకి విలువ లేకుండా చేశారు. అందుకని ఎవరూ ముట్టుకోని డి దగ్గర మొదలుపెట్టారు.

డి, ఈ, ఎఫ్ రంగు లేనివి. జి, హెచ్, ఐ, జె దాదాపు రంగు లేనివి. కె, ఎల్, ఎం లో లేత పసుపు జీర ఉంటుంది. ఆ తర్వాతవి మన దుకాణాల్లో ఉంగరాలకి పెద్దగా రావు కాబట్టి వదిలేద్దాం. మన దగ్గర అక్షరాల్ని జంటలుగా చెప్పడం అలవాటు: "ఈ ఎఫ్", "జి హెచ్", "ఐ జె". చిన్న రవ్వలకి ఆ జంట సరిపోతుంది. ఉంగరం మధ్యలో పెట్టే పెద్ద రాయికి మాత్రం ఒక్క అక్షరమే రాసున్న సర్టిఫికెట్ అడగండి.

ఈ పసుపు ఎక్కడిదంటే, రాయి భూమి లోపల తయారవుతున్నప్పుడు కార్బన్ మధ్యలో ఇరుక్కున్న నైట్రోజన్ వల్ల. అది వెలుతురులోని ఊదా, నీలం వైపు భాగాన్ని కొంత మింగేస్తుంది. మిగిలిన వెలుతురు మనకి పసుపుగా తోస్తుంది. రాయి పెద్దదైతే వెలుతురు లోపల ఎక్కువ దూరం తిరుగుతుంది కాబట్టి అదే గ్రేడ్ జీర ఎక్కువగా తెలుస్తుంది. ముప్పై సెంట్ల, అంటే క్యారెట్‌లో నూటికి ముప్పై వంతుల జె తెల్లగా కనిపించడం, రెండు క్యారెట్ల జె పసుపుగా కనిపించడం అందుకే. మన కృష్ణ ఒడ్డున కొల్లూరులో దొరికిన పేరున్న రాళ్లలో కొన్నిటికి ఈ నైట్రోజన్ దాదాపుగా లేదు. ఆ నీటివన్నె తెలుపు వల్లే అలాంటి రాయి ఎక్కడ దొరికినా వేలంపాటల్లో గోల్కొండ పేరు పెట్టి పిలుస్తారు.

ఇక గ్రేడ్ ఎలా వేస్తారో తెలిస్తే మిగతా కథంతా అర్థమైపోతుంది. ల్యాబ్‌లో రాయిని మనం చూసేలా చూడరు. తలకిందులుగా, టేబుల్ అనే చదునైన పైముఖం కిందికి పెట్టి, వెనక వైపు నుంచి, పక్క నుంచి చూస్తారు. పక్కనే రంగు ముందే తేల్చిన నమూనా రాళ్లు ఉంటాయి. ఎందుకలా అంటే, ముఖం వైపు నుంచి చూస్తే మెరుపు కంటిని కమ్మేసి రంగు తెలియనివ్వదు. అంటే అనుభవం ఉన్న గ్రేడర్లకే ముందు నుంచి రంగు తేల్చడం కష్టం కాబట్టి రాయిని తిప్పి చూస్తున్నారు. మరి మీరు ఉంగరాన్ని ఎటు నుంచి చూస్తారు?

బంగారం ఏదో ముందు తేల్చండి

రాయి కంటే ముందు తేలాల్సింది ఇదే. చాలామంది తిరగేసి చేస్తారు. రాయి ఎంచుకుని, ఆ తర్వాత డిజైన్ చూస్తారు.

వజ్రం అద్దంలాంటిది. చుట్టూ ఉన్నదాన్ని లోపలికి లాక్కుని చూపిస్తుంది. పసుపు బంగారం కొక్కేలతో పట్టిన డి రాయిలోకి ఆ పసుపు దిగుతుంది. డి కోసం కట్టిన డబ్బులో కొంత అక్కడే కరిగిపోయినట్టు. అదే పసుపు బంగారంలో ఐ నో, జె నో పెడితే, బంగారం అంత పసుపుగా ఉండటం వల్ల రాయి తెల్లగా కనిపిస్తుంది. వైట్ గోల్డ్, ప్లాటినం అయితే దీనికి ఎదురు. తెల్లటి లోహం పక్కన రాయిలోని జీర పక్క నుంచి చూసినప్పుడు బయటపడుతుంది.

మధ్యే మార్గం ఒకటుంది, నాకు ఇష్టమైనది కూడా అదే. వేలికి చుట్టుకునే కడ్డీ పసుపు బంగారం, రాయిని పట్టుకునే గూడు వైట్ గోల్డ్. ఆచారి చేత ఇలా చేయించడం కష్టమేం కాదు.

ఆకారం కూడా ఈ దశలోనే తేలాలి. గుండ్రటి రాయి రంగుని బాగా దాస్తుంది. ఓవల్, పియర్ లాంటి వాటిలో పసుపు కొనల దగ్గర పోగవుతుంది. మెట్లు మెట్లుగా కోసిన ఎమరాల్డ్ కట్ కిటికీ అద్దంలా లోపలికి చూపిస్తుంది కాబట్టి ఏమీ దాచదు. గుండ్రటి దాంట్లో హెచ్ చాలనిపిస్తే, ఎమరాల్డ్ కట్‌లో ఎఫ్ నో జి నో చూడండి. గుండ్రటి దాంట్లోనైనా కోత బాగుంటేనే ఈ లాభం. అడుగు లోతెక్కువై మెరుపు చచ్చిన రాయిలో అదే గ్రేడ్ రంగు ముందుకొచ్చి నిలబడుతుంది. రంగులో ఒక మెట్టు దిగి ఆ డబ్బు కోతలో పెట్టమని నేను చెప్పేది అందుకే.

వెలుతురు, బట్టలు, కాగితం

పొద్దున పదింటికీ మధ్యాహ్నం రెండింటికీ మధ్య వెళ్లండి. ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర, వీలైతే ఉత్తరం వైపు వెలుతురులో కూర్చోబెట్టమనండి. సూరత్‌లో రాళ్లు ఏరేవాళ్లు ఎన్నో ఏళ్లుగా నమ్ముకున్నది ఆ వెలుతురునే. కౌంటర్ మీద పైనుంచి గుచ్చే స్పాట్ లైట్లు రంగు చూడ్డానికి కాదు, తళుకు చూపించడానికి. ఆ లైట్ల కింద కె కూడా నిప్పురవ్వలా ఎగురుతుంది.

బట్టలు తెల్లవో బూడిదరంగువో అయితే మంచిది. ఇది చాదస్తం కాదు. ఒకసారి పసుపు పట్టుచీర కట్టుకుని నేరుగా పెళ్లి నుంచి వచ్చినావిడ, చూపించిన ప్రతి రాయీ పచ్చగా ఉందని నాలుగు పొట్లాలు వెనక్కి పంపేశారు. ఐదో పొట్లం విప్పే ముందు ఆవిడ ఒళ్లో తెల్లటి తువ్వాలు పరిచాను. మొదటి పొట్లంలో రాయే నచ్చింది.

నల్ల మఖ్మల్ ట్రే మీద రాయి చూపిస్తే పక్కన పెట్టేయండి. ఏమీ రాయని తెల్ల కార్డు ఒకటి అడిగి, దాన్ని మధ్యకి మడిచి గాడిలా చేయండి. విజిటింగ్ కార్డు వెనక వైపైనా సరే. మీ పనిముట్టు అంతే.

మూడు రాళ్లు, మూడు చూపులు

ఒక్క రాయిని చూసి రంగు చెప్పడం నా వల్ల కూడా కాదు. కంటికి తేడా తెలుస్తుంది గానీ రంగు గుర్తుండదు. పది నిమిషాల కింద ఇంకో కొట్లో చూసిన రాయితో ఈ రాయిని పోల్చడం ఉత్త మాట. అందుకని ఒకే సైజు, ఒకే ఆకారం, సర్టిఫికెట్ ఉన్న మూడు రాళ్లు ఒకేసారి తెప్పించమనండి. మేనల్లుడి కోసం నేను అడిగినవి ఈ, హెచ్, జె. మూడూ అర క్యారెట్ గుండ్రటి రాళ్లు, అడ్డంగా కొలిస్తే అయిదు మిల్లీమీటర్ల పైచిలుకు. మూడూ ఒకే ల్యాబ్‌వి కావాలన్నాను. అన్ని ల్యాబులూ ఒకేలా బిగించి గ్రేడ్ వేయవు. ఒకరి జి ఇంకొకరి దగ్గర హెచ్ అయిన సందర్భాలు నా కళ్లముందే ఉన్నాయి.

మొదటి చూపు తలకిందులుగా. మూడింటినీ కార్డు గాడిలో బోర్లా, కొనలు పైకి వచ్చేలా వరసగా పెట్టి, కార్డుని కంటి ఎత్తుకి తెచ్చి పక్క నుంచి చూడండి. మెరుపు అడ్డొస్తే నోటి ఆవిరి ఊదండి. ఆ ఒకటి రెండు సెకన్లు మెరుపు ఆగి ఒంటి రంగు మాత్రమే మిగులుతుంది. మావాడు చూడగానే జె ని పట్టేశాడు. "ఇది పాలల్లో చిటికెడు పసుపు వేసినట్టుంది" అన్నాడు. ఈ కీ హెచ్ కీ తేడా పట్టడానికి మాత్రం మూడుసార్లు తిప్పి తిప్పి చూడాల్సి వచ్చింది. ఒకదాన్నే అదేపనిగా చూడకండి. అయిదారు సెకన్లు చూసి, తల తిప్పి, మళ్లీ చూడండి. కన్ను అలిసిపోతే అన్నీ ఒకటే అవుతాయి. రాళ్ల వరస కూడా మార్చి చూడండి. చివర ఉన్న రాయి కంటికి కాస్త ముదురుగా తోచడం మామూలే.

రెండో చూపు మామూలుగా, పైముఖం నుంచి. రాళ్లను తిప్పి పెట్టి, మూర దూరం నుంచి చూడండి. ఇక్కడ ఒక ఆట ఆడండి. మీరు కళ్లు మూసుకోండి, పక్కవాళ్లని రాళ్ల చోట్లు మార్చమనండి, కళ్లు తెరిచి తెల్లటి దాని నుంచి వరసగా చెప్పండి. ఒకసారి సరిగ్గా చెబితే అదృష్టం కావచ్చు. అయిదుసార్లు ఆడితే నిజం తేలుతుంది. మావాడు అయిదింట్లో నాలుగుసార్లు జె ని పట్టాడు. ఈ ని హెచ్ అనీ, హెచ్ ని ఈ అనీ మూడుసార్లు తప్పు చెప్పాడు. పక్కన కూర్చున్న మా అక్క అయితే, "మూడూ ఒకటేగా, దీనికింత గొడవేంట్రా" అని టీ తెప్పించమంది.

మూడో చూపే అసలైనది. దాన్నే ఎవరూ అడగరు. రాయి పొదగని ఖాళీ ఉంగరాలు దుకాణంలో ఉంటాయి. రాయిని తాత్కాలికంగా పట్టి ఉంచే స్ప్రింగు ఉంగరాలు కూడా పెద్ద కొట్లలో ఉంటాయి. మీరు తేల్చుకున్న బంగారం రంగు ఉంగరంలో ఒక్కో రాయినీ కూర్చోబెట్టించి, వేలికి పెట్టుకుని, చెయ్యి మామూలుగా టేబుల్ మీద ఆనించి చూడండి. తర్వాత టీ కప్పు పట్టుకున్నట్టు చెయ్యి ఎత్తి పక్క నుంచి చూడండి. మీ వేలి ఉంగరాన్ని ఎదుటివాళ్లు ఎక్కువగా చూసేది అలాగే.

ఆ అమ్మాయికి పసుపు బంగారమే ఇష్టమని మావాడు ముందే కనుక్కున్నాడు. పసుపు బంగారం ఉంగరంలో ఈ, హెచ్ పెడితే పైనుంచీ తేడా లేదు, పక్క నుంచీ లేదు. జె పైనుంచి తెలియలేదు. పక్క నుంచి, అదీ వెతికి చూస్తే, కాస్త తెలిసింది. అదే జె ని వైట్ గోల్డ్ ఉంగరంలో పెట్టగానే పక్క చూపులో పసుపు జీర వెంటనే బయటపడింది. రాయి ఒకటే, వేలు ఒకటే, పక్కనున్న లోహం మారింది, అంతే.

వాడు హెచ్ తీసుకున్నాడు. నేనైతే ఆ పసుపు బంగారంలో జె తీసుకునేవాణ్ణి. కానీ "జె అని తెలిసిన రోజు నుంచీ నాకు పసుపే కనిపిస్తుంది మావయ్యా" అన్నాడు. అదీ నిజమే. ఉంగరం పెట్టుకునేవాళ్లు, కొనేవాళ్లు ఎలాంటివాళ్లో చూసుకోవాలి. ప్రతి రోజూ అనుమానంతో చూసుకునే మనిషికి ఒక మెట్టు పైకి వెళ్లడం దండగ కాదు.

పక్కరాళ్లు పెట్టే ఇబ్బంది

మధ్య రాయి చుట్టూ రవ్వలు పొదిగే డిజైన్ అయితే పై లెక్క కొంచెం మారుతుంది. కన్ను తేడానే పట్టుకుంటుందని చెప్పాను కదా. మధ్యలో జె పెట్టి చుట్టూ ఈ ఎఫ్ రవ్వలు పొదిగితే, పోల్చుకోవడానికి నమూనా రాళ్లను మీరే చుట్టూ అంటించుకున్నట్టు. ఒంటరిగా తెల్లగా ఉన్న జె అక్కడ పచ్చబడిపోతుంది. రవ్వలు మధ్య రాయికి ఒకటి రెండు మెట్ల లోపల ఉండేలా అడగండి. మధ్యలో ఐ ఉంటే చుట్టూ జి హెచ్ చాలు. మన దుకాణాల్లో అలవాటుగా అన్నిటికీ ఈ ఎఫ్ రవ్వలే వేస్తారు. అడక్కపోతే మార్చరు.

నీలి వెలుగు

సర్టిఫికెట్‌లో ఫ్లోరసెన్స్ అని ఒక వరస ఉంటుంది. కొన్ని రాళ్లు అతినీలలోహిత కిరణాలు తగిలితే నీలంగా వెలుగుతాయి. ఎండలో ఆ కిరణాలు ఉంటాయి కాబట్టి, గట్టి నీలి వెలుగున్న ఐ, జె రాళ్లు పగటి వెలుతురులో కాస్త తెల్లగా కనిపించవచ్చు. నీలం పసుపుని చంపుతుంది. తెల్ల పంచెకి నీలిమందు పెట్టడం లాంటిదే. మన పెద్దవాళ్లు ఆశగా అడిగే బ్లూ జాగర్ సంగతి కూడా ఇదే. దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫాంటైన్ గని పేరు మీద వచ్చిన మాట అది. ఇప్పుడు నీలి ఛాయ ఉన్న ఏ రాయినైనా ఆ పేరుతో అమ్మేస్తున్నారు.

ఇందులో చూసుకోవాల్సినవి రెండు. కిటికీ దగ్గర చూసిన రాయిని, తర్వాత లోపలికి వచ్చి ఇంట్లో ఉండే మామూలు బల్బు లాంటి వెలుతురులో కూడా చూడండి. ఆ కిరణాలు లేని చోట దాని అసలు జీర తిరిగొస్తుంది. ఇక చాలా గట్టి ఫ్లోరసెన్స్ ఉన్న కొద్ది రాళ్లు ఎండలో మబ్బు పట్టినట్టు, పలచటి గంజి పోసినట్టు అవుతాయి. ఆరుబయటికి తీసుకెళ్లి ఒక నిమిషం చూస్తే ఆ సంగతి దాగదు.

మోసపోయే చోట్లు

ఇప్పటికే పొదిగిన ఉంగరానికి ఒక్క అక్షరం గ్రేడ్ గట్టిగా చెబితే నమ్మకండి. లోహం రంగు రాయిలోకి దిగుతుంది కాబట్టి పొదిగాక ఎవరైనా చెప్పగలిగేది సుమారు లెక్కే. జీఐఏ అయితే పొడి రాయికి తప్ప గ్రేడే వేయదు. ఒక్క అక్షరం కావాలంటే పొడి రాయి కొని, సర్టిఫికెట్ సరిచూసుకుని, ఆ తర్వాత పొదిగించుకోవాలి. చాలా రాళ్లకి నడుము అంచు మీద సర్టిఫికెట్ నంబర్ లేజర్‌తో సన్నగా చెక్కి ఉంటుంది. ఉంగరం తయారై వచ్చాక పది రెట్లు పెంచే లూపుతో ఆ నంబర్ చూపించమనండి. అది కొక్కెం కింద పడకుండా పొదగమని ఆచారికి ముందే చెప్పించండి. నా చెల్లెలి ఉంగరం విషయంలో ఆ మాట చెప్పడం మర్చిపోయి, పని పూర్తయి వచ్చిన ఉంగరాన్ని విప్పించి మళ్లీ కట్టించాల్సి వచ్చింది. ఈ పనిలో ఉండి కూడా.

పాతకాలపు మాయ ఇంకొకటి ఉంది. పసుపు రాయి నడుము అంచున, కొక్కెం చాటున, నీలం గానీ ఊదా గానీ సిరా చుక్క పెడితే రాయి ఒకటి రెండు మెట్లు తెల్లబడినట్టు కనిపిస్తుంది. స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచాక కూడా అలాగే ఉందా అని చూడండి. వెనక మూసేసిన సెట్టింగ్‌లో అడుగున రేకు పెట్టే పాత నగల్లో అయితే రాయి రంగు ఏదో విప్పితే గానీ ఎవరూ చెప్పలేరు.

పసుపు కాకుండా గోధుమ రంగో, ఆకుపచ్చో, పాలమబ్బో ఉన్న రాళ్లూ వస్తాయి. గోధుమ జీర ఉన్న రాయి మీద కూడా అదే అక్షరం ఉండొచ్చు, కానీ కంటికి అది మురికిగా తోస్తుంది. ల్యాబ్‌లో పెంచిన వజ్రాల్లో ఈ గోధుమ, బూడిద ఛాయలు, కొన్నిసార్లు లేత నీలం కూడా తరచూ చూస్తున్నాను. అక్షరం ఎంత పైన ఉన్నా మడిచిన కార్డు పరీక్ష మానకండి.

కొన్నాక పసుపెక్కిందని అనిపిస్తే

వజ్రం రంగు వాడకంతో మారదు. ఆరు నెలలకి రాయి పచ్చబడిందని వచ్చిన ఉంగరాలు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి. తిప్పి చూస్తే అన్నిటి కథా ఒకటే: రాయి అడుగున కొబ్బరినూనె, చేతి క్రీము, చపాతీ పిండి అట్టకట్టి ఉంటాయి. వజ్రానికి జిడ్డంటే ప్రేమ, ఇట్టే పట్టుకుంటుంది. గోరువెచ్చని నీళ్లలో అంట్లు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి ఉంగరాన్ని పావుగంట నానబెట్టండి. మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో అడుగు వైపు నుంచి, కొక్కేల సందుల్లో నెమ్మదిగా రుద్దండి. కడిగేటప్పుడు సింకు రంధ్రం మూసెయ్యడం మర్చిపోకండి.

వైట్ గోల్డ్ ఉంగరమైతే ఇంకో కారణం చూసుకోవాలి. దానికి తెలుపు రావడానికి పైన రోడియం పూత వేస్తారు. రెండు మూడేళ్ల వాడకంలో అది అరిగితే లోపలి పసుపు ఛాయ బయటపడి, రాయిలోకి కూడా దిగుతుంది. మళ్లీ పూత వేయించే ముందు కొక్కేలు వదులయ్యాయేమో బిగించమనండి. మా మేనల్లుడి ఉంగరానికి ఆ బెడద లేదు. పెళ్లయి ఏడాదిన్నరైంది. మొన్న వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆ అమ్మాయి కాఫీ అందిస్తుంటే పక్క నుంచి చూశాను, హెచ్ అని నాకు తెలిసి కూడా తెల్లగానే ఉంది. కాకపోతే అడుగున శనగపిండి ఉంది.